ఓడీ ఖాతాలో వడ్డీ: బ్యాంకు లెక్క, మన పుస్తకం లెక్క

నిర్వాహకురాలు: గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల చిన్న వ్యాపారుల పద్దులు చాలాకాలంగా చూస్తున్న ఒక అకౌంటెంటు గారు ఈ రోజు మనతో ఉన్నారు. ఓడీ, అంటే ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో నెలాఖరున పడే వడ్డీ తమ లెక్కకు ఎప్పుడూ కలవడం లేదని చాలామంది వ్యాపారులు అంటారు కదండీ, ఆ తేడా ఎక్కడ పుడుతుందో ముందుగా చెప్పండి.

అకౌంటెంటు: చాలాసార్లు ఆ తేడా వడ్డీ రేటులో ఉండదమ్మా, రోజుల్లో ఉంటుంది. మన మార్కెట్లో నూటికి రూపాయి, నూటికి రూపాయిన్నర అని నెలవారీగా వడ్డీ చెప్పుకునే అలవాటు ఉంది కాబట్టి, నెల మొదట ఎంత బాకీ ఉంది, చివర ఎంత ఉంది అని చూసి సగటు మీద వడ్డీ కట్టేస్తాం. బ్యాంకు మాత్రం ప్రతి రోజూ వ్యవహారాలు ముగిసేసరికి ఖాతాలో ఎంత బాకీ ఉందో తీసుకుని, ఆ రోజుకు ఆ మొత్తం మీద వడ్డీ లెక్కించి, నెలలోని రోజులన్నిటినీ కలిపి నెలాఖరున ఒకేసారి ఖాతాకు వేస్తుంది.

నిర్వాహకురాలు: ఒక ఖాతా తీసుకుని చూపిస్తారా?

అకౌంటెంటు: తప్పకుండా. ఒక మిర్చి వ్యాపారికి 20 లక్షల ఓడీ లిమిట్ ఉందనుకుందాం. వడ్డీ రేటు ఏడాదికి 10.95 శాతం. లెక్క సులువుగా ఉంటుందనే ఈ రేటు ఎంచుకున్నాను, ఎందుకంటే దీన్ని 365తో భాగిస్తే రోజుకు సరిగ్గా 0.03 శాతం వస్తుంది, అంటే లక్ష రూపాయలకు రోజుకు 30 రూపాయలు. 2025 జూన్ నెల తీసుకుందాం. ఒకటో తేదీ నుంచి తొమ్మిదో తేదీ వరకు బాకీ 12 లక్షలు. పదో తేదీన రైతుల సరుకుకు చెల్లించడానికి 5 లక్షలు తీశారు కాబట్టి బాకీ 17 లక్షలయింది. 20వ తేదీ శుక్రవారం సాయంత్రం, బయటి ఊరి కొనుగోలుదారు ఇచ్చిన 6 లక్షల చెక్కును బ్యాంకులో వేశారు. గుమాస్తా అదే రోజు చిట్టాలో రాశాడు. చెక్కు మాత్రం సోమవారం, అంటే 23వ తేదీన క్లియర్ అయింది.

నిర్వాహకురాలు: అంటే శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులూ మన పుస్తకంలో బాకీ 11 లక్షలు, బ్యాంకులో 17 లక్షలు.

అకౌంటెంటు: అదేనండి అసలు సంగతి. బ్యాంకు లెక్క ఇలా నడుస్తుంది. 12 లక్షలు తొమ్మిది రోజులు ఉంటే 108 లక్షలు, 17 లక్షలు పది నుంచి 22 వరకు పదమూడు రోజులు ఉంటే 221 లక్షలు, 11 లక్షలు చివరి ఎనిమిది రోజులు ఉంటే 88 లక్షలు. బాకీని రోజులతో గుణించగా వచ్చే ఈ అంకెలను ప్రోడక్ట్ అంటారు. మూడూ కలిపితే 417. లక్షకు రోజుకు 30 రూపాయలు కాబట్టి వడ్డీ 12,510 రూపాయలు. మన పుస్తకం ప్రకారం చేస్తే 17 లక్షలు పది రోజులే, 11 లక్షలు పదకొండు రోజులు కాబట్టి ప్రోడక్ట్ 399, వడ్డీ 11,970. తేడా 540 రూపాయలు. ఆరు లక్షలు, మూడు రోజులు, లక్షకు 30 రూపాయలు వేసి చూడండి, అదే 540 వస్తుంది.

నిర్వాహకురాలు: ఆ వ్యాపారి సగటు వేసుకుని ఉంటే?

అకౌంటెంటు: నెల మొదట 12, చివర 11 కాబట్టి సగటు 11.50 లక్షలు. దానికి రోజుకు 345 రూపాయల చొప్పున ముప్ఫై రోజులకు 10,350 వస్తుంది. బ్యాంకు 2,160 రూపాయలు ఎక్కువ వేసిందని ఆయన మేనేజరు దగ్గరికి వెళ్తాడు. నెల మధ్యలో బాకీ 17 లక్షలకు ఎక్కి పదమూడు రోజులు అక్కడే ఉన్న సంగతి సగటులో కనిపించదు కదా. చెక్కుల విషయంలో ఇప్పుడు కొంత మెరుగైందని కూడా చెప్పాలి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులను బ్యాచీలుగా కాకుండా రోజంతా నిరంతరంగా క్లియర్ చేసే పద్ధతి వచ్చింది కాబట్టి ఈ రకం తేడా తగ్గుతుంది. అయినా సమయం దాటాక వేసిన చెక్కు, మధ్యలో వచ్చే సెలవు, మనం ఇచ్చినా అవతలివారు ఇంకా బ్యాంకులో వేయని చెక్కు, ఇవి పుస్తకానికీ స్టేట్‌మెంటుకూ మధ్య ఎప్పుడూ ఉండేవే. మనం ఇచ్చిన చెక్కు ఆలస్యంగా వెళ్తే తేడా మనకు అనుకూలంగా ఉంటుంది, అందుకే దాని గురించి ఎవరూ బ్యాంకుకు వెళ్లరు.

నిర్వాహకురాలు: బ్యాంకు వేసిన వడ్డీ సరైనదో కాదో వ్యాపారి తానే చూసుకోవచ్చా?

అకౌంటెంటు: స్టేట్‌మెంటు ఉంటే అరగంట పని. స్ప్రెడ్‌షీట్‌లో ఒక నిలువు వరుసలో నెలలోని తేదీలన్నీ, దాని పక్కన ఆ రోజు చివరి బాకీ రాయాలి. ఇక్కడ రెండు చోట్ల జారిపడతారు. స్టేట్‌మెంటులో ఒకే రోజుకు ఆరేడు పంక్తులుంటే చివరి పంక్తిలోని నిల్వనే తీసుకోవాలి. ఏ వ్యవహారమూ లేని రోజు స్టేట్‌మెంటులో అసలు కనిపించదు, కానీ ఆ రోజుకూ వడ్డీ ఉంటుంది కాబట్టి ముందు రోజు నిల్వను దించి రాయాలి. ఆదివారాలు వదిలేసి లెక్క తక్కువొచ్చిందని అనుకునేవారిని చాలామందిని చూశాను. తేదీలు A వరుసలో, బాకీ B వరుసలో ఉంటే జూన్ నెలకు సూత్రం ఇది:

```
=SUMIF(B2:B31,">0")*10.95/36500
```

నిర్వాహకురాలు: మామూలుగా కూడకుండా సున్నా కంటే ఎక్కువైనవే ఎందుకు కూడుతున్నారు?

అకౌంటెంటు: అమ్మకాల డబ్బు పెద్దగా వచ్చిన రోజు ఓడీ ఖాతాలో బాకీ పోయి మన డబ్బే నిల్వగా మిగలవచ్చు. దాన్ని షీటులో మైనస్‌గా రాస్తాం. అలాంటి రోజుకు బ్యాంకు మన నుంచి వడ్డీ తీసుకోదు, మనకు ఇవ్వదు కూడా. మామూలుగా కూడితే ఆ మైనస్ మిగతా రోజుల బాకీని తగ్గించేస్తుంది. ఇంకొకటి, నెల మధ్యలో రేటు మారితే ఆ తేదీ దగ్గర లెక్కను రెండుగా విడదీయాలి. 2025 జూన్ 6న రిజర్వు బ్యాంకు రెపో రేటును 5.50 శాతానికి తగ్గించింది. రెపోకు ముడిపెట్టిన రుణమైనా అదే రోజు రేటు తగ్గాలని లేదు. కనీసం మూడు నెలలకు ఒకసారి రేటు సవరించాలన్నది నియమం, కాబట్టి మన మంజూరు పత్రంలో రాసిన సవరణ తేదీ చూసుకోవాలి. నా క్లయింటు ఒకరికి ఆ తేదీ దాటాక కూడా రెండు నెలలు పాత రేటే పడింది. ఇలాంటి షీటు వేసి బ్రాంచిలో ఇస్తే తేడా మొత్తం వెనక్కి వేశారు. ఆయన గుమాస్తా ఆ సొమ్మును ఇతర ఆదాయంలో రాశాడు. అది ఆదాయం కాదు, ఎక్కువ కట్టిన వడ్డీ వెనక్కి రావడం, కాబట్టి వడ్డీ ఖాతాకే జమ చేయాలి.

నిర్వాహకురాలు: పద్దుల దగ్గరికి వచ్చాం కాబట్టి, మన ఉదాహరణలోని 12,510 రూపాయలను ఎలా రాయాలో చెప్పండి.

అకౌంటెంటు: జూన్ 30 తేదీతో బ్యాంకు వడ్డీ ఖాతాకు డెబిట్ 12,510, బ్యాంకు ఓడీ ఖాతాకు క్రెడిట్ 12,510. స్టేట్‌మెంటులో డెబిట్ అని ఉంటే మన పుస్తకంలోనూ ఓడీ ఖాతాను డెబిట్ చేసేవారున్నారు. స్టేట్‌మెంటు బ్యాంకు వారి పుస్తకం, వారికి రావలసింది మనకు ఇవ్వవలసింది అవుతుంది, అందుకే మన దగ్గర అది క్రెడిట్. టాలీ వాడేవారు ఓడీ ఖాతాను `Bank OD A/c` గ్రూపు కింద, వడ్డీని `Indirect Expenses` కింద పెట్టుకోవాలి. ఈ పద్దు రాశాక పుస్తకంలో బాకీ 11,12,510 అవుతుంది, స్టేట్‌మెంటులోనూ అంతే ఉంటుంది. జూలై ఒకటి నుంచి వడ్డీ ఈ మొత్తం మీద నడుస్తుంది, అంటే వడ్డీ మీద వడ్డీ. నెలనెలా ఇలా కలుస్తూ పోతే 10.95 శాతం ఏడాదికి 11.5 శాతం దాకా పడుతుంది.

నిర్వాహకురాలు: ముందు చెప్పిన 540 రూపాయల తేడాకు వేరే పద్దు అవసరమా?

అకౌంటెంటు: అక్కర్లేదు. మన లెక్క 11,970 వచ్చిందని అంతే ఖర్చు రాసి, మిగిలిన 540ను సస్పెన్సులో పెట్టేవారున్నారు, అది తప్పు. చెక్కు జమ కావడానికి పట్టిన రోజుల వడ్డీ కూడా నిజమైన ఖర్చే, కాబట్టి బ్యాంకు వేసిన మొత్తమంతా వడ్డీయే. మన లెక్క ఉన్నది సరిచూసుకోవడానికే, పద్దు రాయడానికి ఆధారం మాత్రం స్టేట్‌మెంటు. ఒకవేళ మార్చి నెల వడ్డీ ఏప్రిల్ తేదీతో పడితే మాత్రం మన లెక్కే పనికొస్తుంది. మార్చి 31న ఆ మొత్తాన్ని వడ్డీ ఖాతాకు డెబిట్ చేసి, చెల్లించవలసిన వడ్డీ ఖాతాకు క్రెడిట్ చేయాలి. ఏప్రిల్‌లో బ్యాంకు వేసినప్పుడు ఆ చెల్లించవలసిన ఖాతాను రద్దు చేసుకోవాలి.

నిర్వాహకురాలు: వడ్డీతో పాటు వేరే ఛార్జీలు కూడా పడుతుంటాయి కదండీ.

అకౌంటెంటు: వాటిని వడ్డీలో కలిపేయడం ఎక్కువగా చూస్తాను. వడ్డీ మీద జీఎస్టీ లేదు, కానీ సేవా ఛార్జీల మీద 18 శాతం ఉంటుంది. సరుకు తనిఖీకి 2,000 రూపాయలు వేశారనుకోండి, ఖాతాలో 2,360 పోతుంది. అందులో 2,000 బ్యాంకు ఛార్జీలకు, 180 సీజీఎస్టీకి, 180 ఎస్‌జీఎస్టీకి డెబిట్ చేసి, ఓడీ ఖాతాకు 2,360 క్రెడిట్ చేయాలి. మన జీఎస్టీ నంబరు బ్యాంకులో నమోదై ఉండి, ఆ మొత్తం `GSTR-2B`లో కనిపిస్తేనే 360 పన్ను క్రెడిట్ తీసుకోగలం. నంబరు ఇవ్వనివారికి అది ఖర్చులోనే పోతుంది.

నిర్వాహకురాలు: లిమిట్ దాటితే పడే జరిమానా?

అకౌంటెంటు: స్టాకు స్టేట్‌మెంటు సమయానికి ఇవ్వకపోయినా, సరుకు విలువ తగ్గి డ్రాయింగ్ పవర్, అంటే సరుకు విలువను బట్టి మనం వాడుకోగలిగే హద్దు, కిందికి దిగినా, మంజూరైన 20 లక్షలు మొత్తం మనవి కావు. డ్రాయింగ్ పవర్ 15 లక్షలే అయితే, 17 లక్షల బాకీ ఉన్న పదమూడు రోజులూ లిమిట్ దాటినట్టే. గతంలో వడ్డీ రేటునే పెంచి వేసేవారు. 2023 ఆగస్టు 18 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం తర్వాత దాన్ని వడ్డీగా కాకుండా వేరే ఛార్జీగానే వేయాలి, ఆ ఛార్జీ మీద మళ్లీ వడ్డీ లెక్కించకూడదు. దాని మీద జీఎస్టీ కూడా లేదు. పుస్తకంలోనూ పీనల్ ఛార్జీలని విడిగా ఒక ఖాతా తెరవండి, ఏడాది చివర ఆలస్యాలకు ఎంత కట్టామో ఒక్క చోట తెలుస్తుంది.

నిర్వాహకురాలు: ఈ రోజువారీ లెక్క తెలిసిన వ్యాపారి తన రోజువారీ పనిలో ఏం మార్చుకుంటాడు?

అకౌంటెంటు: నేను ముందుగా అడిగేది దుకాణంలోని క్యూఆర్ కోడ్ ఏ ఖాతాకు కట్టి ఉందని. చాలా చోట్ల అది వేరే కరెంటు ఖాతాకు ఉంటుంది. అక్కడ ఎప్పుడూ మూడు లక్షలు ఊరికే పడి ఉంటాయి, ఇక్కడ ఓడీలో ఆ మూడు లక్షలకు రోజుకు 90 రూపాయలు, నెలకు 2,700 వడ్డీ నడుస్తుంది. అలాగే శనివారం గల్లాలో మిగిలిన రెండు లక్షల నగదును సోమవారం కాకుండా శనివారమే బ్యాంకులో వేస్తే రెండు రోజుల వడ్డీ 120 రూపాయలు మిగులుతుంది. రెండో, నాలుగో శనివారాల్లో బ్యాంకు ఉండదు కాబట్టి ఆ వారాల్లో శుక్రవారమే వెళ్లాలి.