మళ్లీ వచ్చిన షుగర్ పేషెంటుకు సోప్ నోట్ రాయడం
(హైదరాబాదులో హౌస్ సర్జన్లకు, పీజీ వైద్య విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

సోప్ నోట్‌లోని నాలుగు భాగాలు మీకు కొత్తవి కావు. రోగి చెప్పింది సబ్జెక్టివ్, మనం చూసి కొలిచింది ఆబ్జెక్టివ్, ఆ రెండింటినీ కలిపి మనం తేల్చుకున్నది అసెస్‌మెంట్, చేయబోయేది ప్లాన్. 1960లలో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు, కేస్ షీటును రోగి సమస్యల వారీగా రాయాలని ప్రతిపాదించినప్పుడు ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. దాని చరిత్ర ఇంతటితో చాలు. టైప్ 2 మధుమేహంతో మూడు నెలల తర్వాత మళ్లీ ఓపీకి వచ్చిన ఒక్క రోగి నోటును ఈ రోజు మనం వరుసగా రాసుకుందాం.

ఆమెకు 54 ఏళ్లు. సికింద్రాబాద్ దగ్గర ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడతారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. షుగర్ ఉందని తెలిసి ఎనిమిదేళ్లయింది. మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, గ్లైమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు పొద్దున టిఫిన్‌కు ముందు వాడాలని చీటీలో ఉంది. గతసారి 7.6 ఉన్న హెచ్‌బిఎ1సి ఈసారి 8.4కు పెరిగింది. ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని, బయట వరుసలో నలభై మంది ఉన్నప్పుడు, మనలో చాలామంది రాసే నోటు ఇలా ఉంటుంది: "ఫిర్యాదులేమీ లేవు. షుగర్ అదుపులో లేదు. గ్లైమిపిరైడ్ 4 మిల్లీగ్రాములకు పెంచాను. ఆహార నియమాలు చెప్పాను." ఒకప్పుడు నేనూ ఇలాంటి నోట్లే రాశాను. అలా మాత్ర పెంచిన ఒక పెద్దాయనను పది రోజుల తర్వాత స్పృహ తప్పిన స్థితిలో అత్యవసర విభాగానికి తీసుకొచ్చారు. నా పాత నోటు తీసి చూస్తే, ఆయన ఎప్పుడు తింటారో, మాత్ర ఎప్పుడు వేసుకుంటారో ఒక్క ముక్క కూడా లేదు. అప్పటి నుంచి "ఫిర్యాదులేమీ లేవు" అన్న మాట రాయడం మానేశాను.

సబ్జెక్టివ్ భాగంలో అడగవలసిన మొదటి ప్రశ్న "మందులు వేసుకుంటున్నారా?" అన్నది కాదు. ఆ ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. "పోయిన వారంలో ఈ గోలీ ఎన్ని రోజులు వేసుకోలేకపోయారు?" అని, మాత్రల పట్టీ చేతికిచ్చి అడగండి. ఈమె కాసేపు ఆగి, "ఆ చిన్న గోలీ నాలుగు దినాలు వేసుకోలే సార్" అన్నారు. ఎందుకని అడిగితే అసలు సంగతి బయటపడింది. "శనివారం ఒక్కపొద్దుంటా. పొద్దున గోలీ వేసుకున్నా, చాయ్ తాగి మిషను మీద కూసున్నా. పదకొండు దాటినంక చేతులు గజగజ వణికినయి, ఒళ్లంతా చెమటలు పట్టినయి. సూదిల దారం ఎక్కలే. ఇంట్ల ఉన్న లడ్డూలు తిన్నా. అప్పటిసంది ఆ గోలీ అంటేనే భయమైతుంది."

ఈ మాటలను వీలైనంతవరకు ఆమె చెప్పినట్టే రాయండి. "హైపోగ్లైసీమియా వచ్చింది" అని ఇక్కడ రాయకూడదు, ఎందుకంటే అది మన నిర్ధారణ, దాని చోటు అసెస్‌మెంట్‌లో ఉంది. "మందుల విషయంలో నిర్లక్ష్యం" అని అసలే రాయకూడదు. ఆ మాట ఒకసారి కేస్ షీటులోకి ఎక్కితే, తర్వాత చూసే ప్రతి డాక్టరూ దానినే నమ్మి, కారణం అడగడం మానేస్తారు. వణుకు ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చింది, మాత్రకూ తిండికీ మధ్య ఎంత ఎడం ఉంది, ఎన్నిసార్లు అలా జరిగింది, స్పృహ తప్పిందా, ఇంకొకరి సాయం కావలసి వచ్చిందా అన్న వివరాలే ఇక్కడ ఉండాలి. ఈమెకు నెలలో మూడుసార్లు వచ్చింది, మూడూ శనివారాలే. స్పృహ తప్పలేదు, తనంతట తానే తేరుకున్నారు.

ఇక ఆబ్జెక్టివ్. రోగి గ్లూకోమీటరు తెచ్చుకుంటే ఆ యంత్రం జ్ఞాపకాన్ని మీరే నొక్కి చూడండి. తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో ముందు గమనించండి. ఈమె యంత్రంలో ఒక శనివారం పగలు 11:40కి 58, అదే రోజు 2 గంటలకు 264 ఉన్నాయి. పరగడుపు అంకెలు మాత్ర వేసుకున్న రోజుల్లో 130 దరిదాపుల్లో, మానేసిన రోజుల్లో 170 పైన ఉన్నాయి. ఆమె నోటితో చెప్పిన అంకెలు సబ్జెక్టివ్‌లోకి వెళ్తాయి, యంత్రంలో మీరు చదివినవి ఇక్కడికి వస్తాయి. రక్తపోటు మొదట 142/88, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 134/82. రెండూ రాయాలి. ఇజిఎఫ్ఆర్ 78. పాదాల గురించి "బాగున్నాయి" అని రాస్తే చూశారో లేదో ఎవరికీ తెలియదు. "10 గ్రాముల మోనోఫిలమెంటు స్పర్శ రెండు పాదాల్లోనూ తెలుస్తోంది, పాదం పైభాగాన నాడి రెండు వైపులా తగులుతోంది, కుడి మడమ పగిలింది, పుండు లేదు" అని రాస్తే, ఆర్నెల్ల తర్వాత పోల్చి చూసుకోవచ్చు. చేయనిది చేయలేదనే రాయండి: కంటి పాప వెడల్పు చేసి చూసే పరీక్ష, మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి ఏడాదికి పైగా జరగలేదు.

అసెస్‌మెంట్ దగ్గరే నోటు నిలుస్తుంది లేదా కూలుతుంది. "షుగర్ అదుపులో లేదు" అన్నది రిపోర్టులోని అంకెను మాటల్లో చెప్పడమే. అంకె ఎందుకు పెరిగిందో అక్కడ రాయాలి. నేను రాసింది ఇది: "టైప్ 2 మధుమేహం, హెచ్‌బిఎ1సి 8.4, లక్ష్యం 7 కంటే తక్కువ. ఉపవాసం రోజున గ్లైమిపిరైడ్ వేసుకోవడం వల్ల షుగర్ పడిపోతోంది, 58 వరకు నమోదైంది. ఆ భయంతో మిగతా రోజుల్లోనూ మాత్ర మానడం, పడిపోయినప్పుడు మిఠాయి ఎక్కువగా తినడం పెరుగుదలకు ప్రధాన కారణాలు. మందు మోతాదు చాలకపోవడం కాదు." గ్లైమిపిరైడ్ తిండి ఉన్నా లేకపోయినా క్లోమం నుంచి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. ఒక్క మెట్‌ఫార్మిన్‌తో ఇలా పడిపోవడం అరుదు. ఈ కారణం కాగితం మీద ఉంటే, 8.4ను చూసి గ్లైమిపిరైడ్‌ను రెట్టింపు చేసే చేయి దానంతట అదే ఆగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బిఎ1సి అసలు కంటే ఎక్కువ చూపించవచ్చు. గ్లూకోమీటరు అంకెలకూ రిపోర్టుకూ పొంతన కుదరనప్పుడు హిమోగ్లోబిన్ చూడాలి. ఈమెకు హిమోగ్లోబిన్ 12.4, అంకెలకూ పొంతన ఉంది, కాబట్టి 8.4ను నమ్మాను.

ప్లాన్‌లోని ప్రతి వాక్యానికీ అసెస్‌మెంట్‌లో ఒక కారణం కనబడాలి. గ్లైమిపిరైడ్ ఆపేశాను. దాని స్థానంలో సిటాగ్లిప్టిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి రాశాను. దాని పని రక్తంలో షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడే బలంగా సాగుతుంది కనుక, పడిపోయే ప్రమాదం తక్కువ. క్లోమం వాపు ఎప్పుడూ రాలేదని అడిగి రాసుకున్నాను. ఈ ఇజిఎఫ్ఆర్‌కు మోతాదు తగ్గించనక్కరలేదు. మెట్‌ఫార్మిన్ కొనసాగుతుంది, ఒక్కపొద్దు రోజున మాత్రం పొద్దుటిది వదిలేసి రాత్రి భోజనంతో వేసుకోవాలి. ఉపవాసం మానేయమని నేను చెప్పలేదు. చెబితే ఆమె ఒక్కపొద్దు మానరు, నాతో చెప్పడం మానేస్తారు. వణుకు వస్తే వెంటనే యంత్రంతో చూసుకోవాలి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి, ఆ రోజు ఒక్కపొద్దు అక్కడితో విరమించాలి. ఇదంతా ఆమెతో తిరిగి చెప్పించి, "తిరిగి చెప్పగలిగారు" అని నోటులో రాశాను. కంటి పరీక్షకు, మూత్ర పరీక్షకు చీటీలు ఇచ్చాను. రెండు వారాలకు ఫోనులో శనివారపు అంకెలు చెప్పాలి, మూడు నెలలకు హెచ్‌బిఎ1సి మళ్లీ చేయించాలి.

మూడు నెలలకు ఆమె వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. ఓపీలో ఉన్న పీజీ విద్యార్థిని ఆ నోటు చదివి, రిపోర్టు అడగకముందే, "శనివారాలు ఎలా గడుస్తున్నాయమ్మా?" అని అడిగిందట. ఆమె రాసిన కొత్త నోటులో సబ్జెక్టివ్ మొదటి వాక్యం ఇది: "పన్నెండు శనివారాల్లో వణుకు ఒక్కసారీ రాలేదు, మాత్రలు రోజూ వేసుకుంటున్నారు." హెచ్‌బిఎ1సి 7.3.