వంద వాట్ల గోడ ఎవరి కోసం?

వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. చదివితే నాకిచ్చిన టైమంతా దానికే సరిపోతుంది, ఏమనుకోకండి.

గిటార్ యాంప్ గురించి చెప్పమన్నారు గానీ, నాకొక కోపం తీర్చుకోవాలని ఉంది. పోయినేడు హనుమకొండలో ఓ కాలేజీ ఫెస్టు. హాలు చిన్నది. సౌండ్ అద్దెకిచ్చినతను వంద వాట్ల వాల్వ్ హెడ్డు, అంటే స్పీకర్ లేని ఉత్త యాంపు, తెచ్చాడు. దాని కింద పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగేసి ఉన్న క్యాబినెట్లు రెండు, ఒకదాని మీద ఒకటి, గోడలాగా. పిల్లలు ముందు నిలబడి ఫొటోలు దిగారు. తీరా వాయించడం మొదలయ్యాక మిక్సర్ దగ్గరి మనిషి "తగ్గించు తమ్మీ, తగ్గించు" అని ఒకటే చేతులూపుడు. వాల్యూమ్ రెండు దాటనివ్వలేదు.

పాత తరహా వాల్వ్ యాంపులో రాక్‌కు కావలసిన గరుకుదనం, పవర్ వాల్వులను హద్దు దాకా తోస్తేనే పూర్తిగా వస్తుంది. రెండు మీద అవి ఏం పని చేస్తాయి? గిటార్ పలచగా, పెళుసుగా వినబడింది. అదే యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండే పదిహేను వాట్ల కాంబో పెట్టి ఏడు దాకా తిప్పి ఉంటే? నోరు తెరిచి అరిచేది.

"పదిహేను వాట్లు వినబడతాయా అన్నా?" అంటారు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి మోత రెట్టింపు అనిపించాలంటే ఇంచుమించు పది రెట్ల వాట్లు కావాలి. పదిహేనుకీ వందకీ మధ్య తేడా 8 డెసిబెల్స్ మాత్రమే, వినండి బాబూ, ఎనిమిదే!

మరి ఆ గోడ ఎందుకు పుట్టింది? 1965 ప్రాంతంలో లండన్‌లో ద హూ అనే రాక్ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్, యాంపులు తయారుచేసే జిమ్ మార్షల్ చేత ఎనిమిది స్పీకర్ల పెట్టె చేయించుకున్నాడు. మోయలేక మనుషులు గోల పెడితే రెండు పెట్టెలయ్యాయి. అప్పట్లో మైక్ సెట్టు గొంతులకే చాలేది కాదు, గిటార్ యాంపు తన మోత తనే మోసుకోవాలి. ఇప్పుడు కాంబో ముందు మైకు పెడితే చాలు.

పెట్టెకు విలువ లేదనడం లేదు. వెనక మూసిన పెట్టెలో నాలుగు స్పీకర్లు కలిసి తోస్తే వచ్చే దమ్ము, వెనక తెరిచి ఉన్న కాంబోకు రాదు. అక్కడ వెనక నుంచి వచ్చే అల చుట్టూ తిరిగి ముందు అలను కొంత చంపేస్తుంది, మంద్ర స్వరాలు తగ్గిపోతాయి. అయితే పెద్ద పెట్టెలో కీచు స్వరాలు టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతాయి. ఫెస్టులో ముందు వరుస చెవులు మూసుకుంటే, పక్కనున్నవాళ్లు "గిటార్ ఏదిరా?" అన్నారు. ఆ గిటారిస్టు పెట్టెకు పక్కగా నిలబడ్డాడు, తనకూ మొద్దుగా వినబడి ట్రెబుల్ ఇంకా పెంచాడు పాపం!

కాంబో ఉన్నవాళ్లు దాన్ని కుర్చీ మీద ఎక్కించి, కాస్త వెనక్కి వంచి మీ చెవి వైపు తిప్పండి. గోడకు అడుగు దూరంలో పెడితే మంద్రం కొంత తిరిగొస్తుంది. మైకు స్పీకర్ నడిమధ్యకు కాకుండా కోను అంచు వైపు పెట్టండి. సరే, ఇప్పుడు ఆ కాంబో ఆన్ చెయ్యి తమ్ముడూ, ఏడు మీద వాయించు, మనోళ్లే చెబుతారు.