ఒక్క సెంటు ఎక్కడికి పోయింది?

(విజయవాడలో సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, గుంటూరు నుంచి, తెనాలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లలకు నమస్కారం. పిలిచినవాళ్లకు కృతజ్ఞతలు. ఇచ్చిన సమయం తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఒక మెయిల్ చదువుతాను, వినండి. అమెరికాలో అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణానికి ఇక్కడ కూర్చుని పనిచేసే టీమ్ అనుకోండి. అందులో చేరి ఆరు నెలలైన డెవలపర్ తన లీడ్‌కి ఇలా రాసింది.

“నమస్తే సర్. చెకౌట్‌లో టోటల్ కొన్నిసార్లు ఒక సెంటు తక్కువ వస్తోంది. అన్నిసార్లూ రావడం లేదు. 10 డాలర్లు, 20 డాలర్లు పెట్టి చూశాను, సరిగానే ఉంది. కస్టమర్ పంపిన స్క్రీన్‌షాట్‌లో మాత్రం 13.40కి టోటల్ 14.40 చూపిస్తోంది. 14.41 రావాలి కదా సర్? కోడ్ చూస్తే తప్పేమీ కనిపించడం లేదు.”

ఇలాంటి మెయిల్‌కి సాధారణంగా వచ్చే జవాబు ఏమిటో మీ అందరికీ తెలుసు. “ఒక్క సెంటే కదమ్మా, రౌండింగ్ తేడా అయ్యుంటుంది, టికెట్ క్లోజ్ చెయ్యి.” ఈ జవాబు మీదే నాకు కోపం. ఆ అమ్మాయి రాసిన ప్రతి ముక్కా నిజం. “అన్నిసార్లూ రావడం లేదు” అన్నది నిజం. “10, 20 పెడితే సరిగా ఉంది” అన్నది నిజం. “కోడ్‌లో తప్పు కనిపించడం లేదు” అన్నది అన్నిటికంటే పెద్ద నిజం. ఆ మూడింటికీ కారణం ఒక్కటే.

లాప్‌టాప్ తెచ్చినవాళ్లు బ్రౌజర్ కన్సోల్ తెరవండి. ఆ టోటల్ అంటే ధర, దాని మీద ఏడున్నర శాతం పన్ను. నాతో పాటు టైపు చేయండి.

```js
13.40 * 0.075                    // 1.005
(13.40 * 0.075).toFixed(2)       // "1.00"
(13.40 * 0.075).toPrecision(20)  // "1.0049999999999998934"
```

మొదటి లైను చూడండి. 1.005 అని శుభ్రంగా వచ్చింది. ఒక డాలరు, అర సెంటు. అర సెంటు వస్తే పైకి వెయ్యాలి, 1.01 కావాలి. రెండో లైను 1.00 అంటోంది. అక్కడే ఆ అమ్మాయి ఆగిపోయింది, ఎవరైనా ఆగిపోతారు. మూడో లైను అసలు సంగతి చెబుతుంది. మెషీన్ దగ్గర ఉన్నది 1.005 కాదు, దానికంటే ఓ రవ్వ తక్కువ. కన్సోల్ మనకి పొట్టి రూపం చూపించింది. `toFixed` మాత్రం లోపల ఉన్న అసలు విలువను చూసి, అర సెంటుకి చేరలేదు కాబట్టి కిందికి వేసింది. `toFixed` తప్పు చేయలేదండి. తప్పు సంఖ్య దాని చేతికి వచ్చింది.

ఎందుకు తక్కువగా నిల్వ అయింది? మన పెద్దవాళ్ల లెక్క తెలిసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రూపాయిలో సగం అర్ధరూపాయి. అందులో సగం పావలా. అందులో సగం బేడ. అందులో సగం అణా, అంటే పదహారో వంతు, వీసం. ఇలా సగాలు చేసుకుంటూ పోయే లెక్క అది. కంప్యూటరు కూడా భిన్నాన్ని సరిగ్గా ఇలాగే కొలుస్తుంది: సగం, పావు, ఎనిమిదో వంతు, పదహారో వంతు, అలా కిందికి. ఐఈఈఈ 754 అనే ప్రమాణం 1985లో వచ్చింది. అందులో డబుల్ అనే 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యకి ఈ సగాలు దాచుకోవడానికి ఉన్నది 53 బిట్ల చోటు. అణా అంటే 0.0625, అది చుక్క తేడా లేకుండా ఇముడుతుంది. కానీ 1957 ఏప్రిల్ 1న మనం అణాలు వదిలేసి రూపాయికి నూరు నయాపైసలు చేసుకున్నాం. నూరో వంతుని ఎన్ని సగాలు కలిపినా పూర్తిగా తేలేరు. మూడో వంతుని 0.333 అని రాస్తూ పోతే ఎప్పటికీ ముగియనట్టే, 0.01 ఆ సగాల లెక్కలో ముగియదు. 53 బిట్ల దగ్గర కత్తిరించాల్సిందే.

ఒక్కసారి ఆలోచించండి. 0 నుంచి 99 దాకా ఉన్న సెంట్లలో డబుల్‌లో ఖచ్చితంగా నిలిచేవి ఎన్ని? నాలుగే. 00, 25, 50, 75. మిగతా 96 ఓ రవ్వ అటో ఇటో ఉంటాయి. అణాల కాలంలో ఈ మెయిల్ వచ్చి ఉండేది కాదు!

ఇప్పుడు “కొన్నిసార్లు” అన్న మాట దగ్గరికి రండి. ఏడున్నర శాతం పన్ను సరిగ్గా అర సెంటు దగ్గర ఆగే ధరలు నలభైలో ఒకటి. ధరని సెంట్లలోకి మార్చి 40తో భాగిస్తే శేషం 20 రావాలి. 1340కి శేషం 20. 1000కి, 2000కి శేషం సున్నా. అందుకే 10, 20 డాలర్లతో చేసిన టెస్టు ఎన్నేళ్లు చేసినా పాసవుతుంది. 500కి కూడా శేషం 20 వస్తుంది, కానీ దాని పన్ను 0.375, అంటే పావు, ఎనిమిదో వంతు కలిపినది. అది సగాల్లో పూర్తిగా ఇముడుతుంది, 0.38 సరిగ్గా వస్తుంది. అదే ఒక్క డాలరు పెట్టండి. పన్ను 0.075. నిల్వలో అది కొంచెం తక్కువ. `toFixed(2)` చేస్తే 0.08 బదులు 0.07. అయిదు డాలర్లకి సరి, డాలరుకి తప్పు. టెస్టర్ “నా దగ్గర రావడం లేదు” అన్నాడంటే అబద్ధం చెప్పడం లేదు, అతను పెట్టిన ధర వేరు.

టోటల్‌తో ఆగదు ఈ తేడా. గేట్‌వే నుంచి వచ్చిన మొత్తాన్నీ ఆర్డరు మొత్తాన్నీ `===`తో పోల్చే కోడ్ ఉందనుకోండి. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, అది 0.3కి సమానం కాదు. కస్టమర్ డబ్బు కట్టేశాడు, ఆర్డరు మాత్రం పెండింగ్‌లో ఉండిపోతుంది. ఇంకో చోటు: చాలా గేట్‌వేలు మొత్తాన్ని సెంట్లలో, పూర్ణసంఖ్యగా అడుగుతాయి. `parseInt(19.99 * 100)` రాస్తే 1998 వెళ్తుంది, ఎందుకంటే ఆ గుణకారం 1998.9999999999998. స్క్రీన్ మీద 19.99, కార్డు మీద 19.98. మన బెసెంట్ రోడ్డు దుకాణంలో బిల్లు కింద ‘రౌండ్ ఆఫ్’ అని ఒక లైను ఉంటుంది, పైసలు అక్కడ కలిసిపోతాయి. అమెరికా కార్డు బిల్లులో అలాంటి లైను ఉండదు, సెంటు సెంటుగానే కనిపిస్తుంది.

ఇక ప్యాచ్‌ల సంగతి. దీని గురించి రెండు నిమిషాలే అనుకున్నాను, కానీ చెప్పక తప్పదు. నూరుతో గుణించి, `Math.round` చేసి, నూరుతో భాగించమంటారు. 1.005ని నూరుతో గుణిస్తే 100.49999999999999 వస్తుంది, రౌండ్ చేస్తే 100. ఏమీ మారలేదు. అప్పుడు ఇంకొకరు వచ్చి `Number.EPSILON` కలపమంటారు. 1.005కి అది పనిచేస్తుంది, టికెట్ మూసేస్తారు. ఇది కూడా టైపు చేయండి.

```js
4.5 + Number.EPSILON === 4.5   // true
```

సంఖ్య 4కి చేరాక డబుల్స్ మధ్య ఎడం పెరుగుతుంది, ఆ రవ్వ కలిపినా కలపనట్టే. అంటే పన్ను నాలుగు డాలర్లు దాటిన ఆర్డర్లన్నిటికీ మీ ప్యాచ్ లేనట్టే. చిన్న ఆర్డరుతో టెస్టు చేసి పెద్ద ఆర్డర్లని వదిలేశారన్నమాట. దయచేసి ఈ రెండూ కోడ్‌లోకి రానివ్వకండి. రివ్యూలో కనిపిస్తే ఆపండి.

సరైన పని: డబ్బుని మొదటి నుంచీ సెంట్లలో, పూర్ణసంఖ్యగా ఉంచండి. 13.40 కాదు, 1340. శాతాన్ని కూడా భిన్నంగా ఉంచొద్దు. పదివేలలో ఎంత అని రాసుకోండి, ఏడున్నర శాతం అంటే 750.

```js
const tax = Math.floor((1340 * 750 + 5000) / 10000); // 101
```

1340ని 750తో గుణిస్తే 1005000. పదివేలలో సగం, అంటే 5000 కలిపితే 1010000. పదివేలతో భాగిస్తే 101 సెంట్లు. టోటల్ 1441. పాయింటు పెట్టేది స్క్రీన్ మీద చూపించేటప్పుడు, చివర్లో, ఒక్కసారే. జావాస్క్రిప్టులో 9007199254740991 దాకా పూర్ణసంఖ్యలు చెక్కుచెదరవు, ఏ దుకాణానికైనా అది చాలు. డేటాబేస్‌లో `FLOAT`, `DOUBLE` కాలమ్ ఉంటే `BIGINT`కో, `DECIMAL(12,2)`కో మార్చండి. జావా వాళ్లు `new BigDecimal("1.005")` అని కొటేషన్లలో ఇవ్వాలి. కొటేషన్లు లేకుండా ఇస్తే పాడైన సంఖ్యనే అతి జాగ్రత్తగా దాచుకున్నట్టు.

ఒక్క విషయంలో మాత్రం ఫ్లోటింగ్ పాయింట్‌ని నిందించకండి. ఇదే 13.40 వస్తువులు మూడు, మూడు లైన్లలో ఉన్నాయి. లైనుకి విడిగా పన్ను వేస్తే 101 చొప్పున 303 సెంట్లు. మొత్తం 4020 మీద ఒకేసారి వేస్తే 301.5, పైకి వేస్తే 302. ఇక్కడా సెంటు తేడా ఉంది, రెండు లెక్కలూ తప్పు లేకుండా చేసినవే. ఇది కోడ్‌లో దిద్దే బగ్ కాదు. లైనుకా, మొత్తానికా, అర సెంటు పైకా, దగ్గరి సరిసంఖ్యకా అన్నది పన్ను లెక్కలు చూసేవాళ్లు రాసి ఇవ్వాల్సిన నియమం. గుర్తుపట్టడం ఎలా? ఒకే లైను ఉన్న ఆర్డరులో కూడా తేడా వస్తే నిల్వ దోషాన్ని వెతకండి. లైన్లు పెరిగినప్పుడే వస్తే ముందు నియమం అడగండి.

ఇప్పుడు ఆ అమ్మాయి మెయిల్ మళ్లీ రాద్దాం. మర్యాద మాటలు అలాగే ఉంచుదాం.

“నమస్తే సర్. ధర 13.40, పన్ను 7.5 శాతం, ఒకే లైను, డిస్కౌంట్ లేదు. రావాల్సిన పన్ను 1.01, వస్తున్నది 1.00. `toPrecision(20)`తో చూస్తే 1.0049999999999998934 ఉంది. 1.00 డాలరుకీ తప్పు వస్తోంది, 5.00కి రావడం లేదు. ఈ రేటుకి, సెంట్లను 40తో భాగిస్తే శేషం 20 వచ్చే ధరల్లోనే చూడాలి. పాత ఆర్డర్లలో అలాంటివి లెక్క తీస్తున్నాను. అర సెంటు పైకే వెయ్యాలన్న నియమం అకౌంట్స్ వాళ్లతో ఖాయం చేసుకోవాలి, వాళ్లకి మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?”

ఈ మెయిల్‌కి “ఒక్క సెంటే కదమ్మా” అని ఎవరూ జవాబు రాయలేరు. ఇక మీ ప్రశ్నలు అడగండి. కన్సోల్‌లో ఎవరికైనా వేరే అంకె వచ్చి ఉంటే ముందు వాళ్లే లేవండి.