అండమాన్‌ని అడ్డంగా కోస్తే: ఒకే బొమ్మలో మూడు ప్లేట్ హద్దులు

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి బోర్డు కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకి వచ్చేయండి, ఇవాళ మాట్లాడేదానికంటే గీసేదే ఎక్కువ.

భూమి గట్టి పైపెంకు ప్లేట్లనే ముక్కలుగా ఉంటుంది కదా, ఆ ప్లేట్ బౌండరీల బొమ్మ మీరంతా చూసే ఉంటారు. ఎడమ పక్క ఒక ప్లేట్ ఇంకోదాని కిందకి దిగే చోట ట్రెంచ్, దాని పక్కన పొగలు కక్కే అగ్నిపర్వతం, మధ్యలో సముద్రం చీలి రిడ్జ్, కుడి పక్క ఏదో మూల ప్లేట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పక్కకి జారే ట్రాన్స్‌ఫామ్ అని రెండు బాణాలు, కింద మొత్తం ఎర్ర రంగు. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఆ చార్టే గోడకి తగిలించి చెప్పేవాణ్ణి, ఒకరోజు ఒక పిల్లాడు లేచి "సార్, ఈ బొమ్మ ఏ ఊరిది?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వేశాను గానీ ఇంటికెళ్ళాక ఆలోచిస్తే అది అసలైన ప్రశ్న, ఎందుకంటే ఆ బొమ్మ ఏ ఊరిదీ కాదు, మూడు చోట్ల ముక్కలు తెచ్చి అతికించింది. మరి మూడూ నిజంగా పక్కపక్కనే ఉండే చోటు ఉందా అంటే ఉంది, అదీ మన బంగాళాఖాతం అవతలే, అండమాన్.

సరే గీద్దాం. పోర్ట్‌బ్లెయిర్ మీదుగా పడమర నుంచి తూర్పుకి ఒక గీత, బంగాళాఖాతంలో మొదలై అటు మయన్మార్ తీరం దాకా, సుమారు 800 కిలోమీటర్లు. బోర్డు ఎనిమిది అడుగులు, అంటే అడుగుకి వంద కిలోమీటర్లు. మనం దక్షిణాన నిలబడి ఉత్తరానికి చూస్తున్నాం అనుకోండి, ఎడమ చెయ్యి వైపు విశాఖపట్నం, కుడి చెయ్యి వైపు మయన్మార్.

ఇక్కడే ఆ చార్టుకి మొదటి దెబ్బ. ఈ కొలతలో సముద్రం మూడు కిలోమీటర్ల లోతంటే బోర్డు మీద ఎంత? తొమ్మిది మిల్లీమీటర్లు, చాక్‌పీస్ మందం అంతే! చార్టులో బావిలా కనిపించే ట్రెంచ్ నిజమైన కొలతలో గీస్తే కంటికి ఆనదు. అండమాన్ దగ్గర ఇంకా ఘోరం, గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చిన మట్టి కిలోమీటర్ల మందాన పేరుకుని ట్రెంచ్‌ని దాదాపు పూడ్చేసింది. దక్షిణాన జావా దగ్గర అదే ట్రెంచ్ ఏడు కిలోమీటర్ల పైచిలుకు లోతు ఉంటుంది, ఇటు వచ్చేసరికి దానిలో సగమే. కిందకి దిగే ఇండియా ప్లేట్ మీదున్న ఈ మట్టి అంతా లోపలికి పోదండి, పై ప్లేట్ అంచు దాన్ని పారతో గీకినట్టు గీకి కుప్ప పోస్తుంది. ఆ కుప్ప పై భాగమే అండమాన్ దీవులు. అవి అగ్నిపర్వతాలు కావు, చాలామంది అలా అనుకుంటారు.

అగ్నిపర్వతం ఇంకాస్త తూర్పున ఉంది. బారెన్ ఐలాండ్, పోర్ట్‌బ్లెయిర్‌కి ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్లు, నూటయాభై ఏళ్ళకు పైగా గమ్మునుండి 1991లో మళ్ళీ లేచింది. బోర్డు మీద ట్రెంచ్ నుంచి రెండు అడుగులకు కాస్త ఎక్కువ దూరం. ఇంచుమించు దాని కిందకి వచ్చేసరికి దిగిన ప్లేట్ వంద కిలోమీటర్ల లోతుకి, అంటే మన అడుగు లోతుకి చేరి ఉంటుంది. రెండడుగులు పోయి ఒక అడుగు దిగిందంటే సగటున పాతిక డిగ్రీల వాలు, చార్టుల్లోలాగా గోడ దిగినట్టు నిలువుగా కాదు, మొదట్లో అయితే ఇంకా మెల్లగా దిగి తర్వాత వంపు పెంచుకుంటుంది.

ఇదంతా లోపలికి దిగి ఎవరు చూశారు అంటారా, భూకంపాలు చెప్పాయి. ఒక్కో భూకంపం ఎంత లోతులో పుట్టిందో చుక్క పెట్టుకుంటూ పోతే పడమర పైపైన, తూర్పుకి పోయేకొద్దీ లోతుగా, చుక్కలన్నీ ఏటవాలు పట్టీలా వరుసకడతాయి. ఆ పట్టీయే ప్లేట్.

రెండో దెబ్బ ఆ ఎర్ర రంగు. ప్లేట్ల కింద ఉన్నది ద్రవం కాదు, మ్యాంటిల్ అనే పొర, అది గట్టి రాయి, లక్షల ఏళ్ళ లెక్కలో మెల్లగా పారే రాయి. దిగిన ప్లేట్ కరిగి లావా అయి పైకొస్తుంది అని మనం రాయించే నోట్సు కూడా చాలావరకు తప్పే. ఆ ప్లేట్ చల్లనిది. అది చేసేదేంటంటే తన ఖనిజాల్లో ఇరుక్కున్న నీటిని పైకి వదులుతుంది, ఆ నీరు తగిలిన పై మ్యాంటిల్ రాయి మామూలుగా కరిగే వేడికంటే తక్కువలోనే కరుగుతుంది. బారెన్ మాగ్మాకి మూలం అదే.

ఇప్పుడు అసలు విషయం. ఇండియా ప్లేట్ ఇక్కడ ట్రెంచ్‌కి ఎదురుగా వచ్చి గుద్దుకోవట్లేదు, అది పోయేది ఉత్తర ఈశాన్యానికి, ట్రెంచ్ కూడా ఇంచుమించు ఉత్తరానికే సాగుతుంది, అంటే ఒరుసుకుంటూ పోతోంది. కొత్తగా సున్నం వేసిన గోడని రాసుకుంటూ నడిస్తే ఏమవుతుంది? సున్నం భుజానికి అంటుకుని మనతో వచ్చేస్తుంది కదా. అలాగే పై ప్లేట్ అంచు నుంచి ఒక సన్నటి చీలిక ఊడి ఇండియా ప్లేట్‌తో పాటు ఉత్తరానికి లాక్కుపోబడుతోంది. ఊడిన చోట పక్కకి జారే పగులు పడింది, దక్షిణాన అది సుమత్రా ఫాల్ట్, ఉత్తరాన మయన్మార్‌లో సగాయింగ్ ఫాల్ట్. రెండు పగుళ్ళకీ మధ్య లంకె కుదరని చోట సముద్రం అడుగే తెరుచుకుంది, అది అండమాన్ సముద్రంలోని రిడ్జ్, సుమారు 40 లక్షల ఏళ్ళ నుంచి విడిపోతూ ఉంది, ఏడాదికి మూడు నాలుగు సెంటీమీటర్లు. అక్కడ రాయి కరగడానికి నీళ్ళు అక్కర్లేదు, పైకి లేచే మ్యాంటిల్ మీద ఒత్తిడి తగ్గితే చాలు.

నిజం చెప్పాలంటే ఆ రిడ్జ్ కోసం మన గీతని కాస్త దక్షిణానికి వంచాలి, పైగా అది తెరుచుకునేది మన గీత దిక్కులో కాదు, ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా. అందుకని ఈ కోతలో దాని వేగం సరిగ్గా కనిపించదు. ట్రాన్స్‌ఫామ్ సంగతైతే మరీ అన్యాయం, కదలికంతా బోర్డులోంచి మన వైపుకీ, బోర్డులోకీనూ. అందుకే గుర్తులు పెడతారు. సున్నాలో చుక్క అంటే బాణం మొన మనకేసి వస్తోందని, సున్నాలో ఇంటూ అంటే బాణం వెనక ఈకలు కనిపిస్తున్నాయి, దూరం పోతోందని. సగాయింగ్‌కి ఎడమ పక్క ఇంటూ పెట్టండి, కుడి పక్క చుక్క. 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో మండలే దగ్గర భూకంపం వచ్చినప్పుడు ఒక సీసీ కెమెరా వీడియో తిరిగింది చూడండి, గేటు అవతల నేల మొత్తం ఒక్కసారిగా పక్కకి జారిపోతుంది, అదే ఈ ఇంటూ చుక్కా. అక్కడ ప్లేట్ దిగేదీ లేదు తెరుచుకునేదీ లేదు కాబట్టి కరిగే రాయీ లేదు, అగ్నిపర్వతాన్ని పుట్టించే పని ఆ పగులుది కాదు.

ఇంక ఒకటి గీసి ఆపేస్తాను. 2004 డిసెంబర్ 26, పొద్దున్న 6:29, సునామీ తెచ్చిన ఆ భూకంపం. అప్పటిదాకా పై ప్లేట్ అంచు కింది ప్లేట్‌కి అతుక్కుపోయి దానితో పాటు కిందకి వంగుతూ ఉంది, అంచు వంగేకొద్దీ వెనక భాగం కాస్త ఉబ్బుతుంది. ఆ రోజు సుమత్రా నుంచి అండమాన్ దాకా దాదాపు 1300 కిలోమీటర్ల మేర ఆ అతుకు ఊడిపోయింది. అంచు పైకి తన్నింది, ఉబ్బింది దిగిపోయింది. అందుకే ఉత్తర అండమాన్ పడమటి తీరంలో పగడాల దిబ్బలు నీళ్ళలోంచి బయటపడితే, అదే దీవుల తూర్పున ఉన్న పోర్ట్‌బ్లెయిర్ ఒక మీటరు దాకా కుంగి వీధుల్లోకి సముద్రం వచ్చింది. బొమ్మలో ఎడమ పైకి, కుడి కిందకి, నీళ్ళు కూడా అలాగే కదిలాయి. కుడివైపు థాయిలాండ్‌లో ముందు సముద్రం వెనక్కి పోయింది, జనం అడుగు చూడ్డానికి వెళ్ళారు. ఎడమవైపు మన విశాఖకి రెండున్నర గంటల్లో వచ్చింది మాత్రం ముందు పైకి లేచిన నీరే, వెనక్కి తగ్గి హెచ్చరించలేదు.

ప్రశ్నలుంటే అడగండి, బోర్డు తుడవకండి.