కన్ను చదివిన పేరు వేలికి ఎందుకు అందదు?

అందరికీ నమస్కారం. ముందుగా తెర మీద ఉన్న ఈ పేరు చూడండి: sh4d0wr1d3r. ఈ ప్రసంగం కోసం నేను కల్పించిన హ్యాండిల్, అంటే ఆన్‌లైన్ ఖాతా పేరు, ఇది. 'షాడో రైడర్' అని అందరూ ఇట్టే చదివేశారు. ఇప్పుడు దాన్ని తీసేస్తున్నాను. మీ దగ్గరున్న కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాయండి. మొదటి అక్షరాలు s, h అని గుర్తుంటుంది. ఆ తర్వాత a ఉందా, 4 ఉందా? చివర e ఉందా, 3 ఉందా? చాలామంది కలం అక్కడే ఆగుతుంది.

అక్షరం తీసి దాన్ని పోలిన అంకె పెట్టే ఈ అలవాటును లీట్‌స్పీక్ అంటారు. 1980లలో, కంప్యూటర్లను టెలిఫోను తీగలతో కలుపుకొని మాట్లాడుకున్న బృందాల్లో ఇది పుట్టింది. 'ఎలీట్' అన్న మాటను వాళ్లు 31337 అని రాసుకునేవారు. బయటివాళ్లకు అర్థం కాకపోవడం వాళ్లకు కావలసిందే. మనం హ్యాండిల్ పెట్టుకునేది మాత్రం నలుగురూ మనల్ని కనుక్కోవడానికి.

"చదవగలుగుతున్నాం కదా, ఇక నష్టమేమిటి?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2008లో స్పెయిన్ పరిశోధకులు పెరేయా, దున్యాబెయితియా, కరెయిరాస్ ఒక ప్రయోగం ప్రచురించారు. M4T3R14L వంటి రూపాన్ని రెప్పపాటు సేపు చూపి, వెంటనే MATERIAL అన్న అసలు మాట చూపారు. ముందు కూడా అసలు మాటనే చూపినప్పుడు ఎంత త్వరగా గుర్తుపట్టారో, దాదాపు అంతే త్వరగా గుర్తుపట్టారు. అంటే మన మెదడు 4ను a గా సర్దుకుని ముందుకు సాగిపోతుంది.

నా దృష్టిలో అసలు చిక్కు ఆ సర్దుబాటులోనే ఉంది. మనసులో మిగిలేది మాట. ఏ చోట ఏ అంకె ఉందన్నది చదివిన మరుక్షణమే జారిపోతుంది. పైగా ఇదంతా ముందే తెలిసిన మాటలకు. కొత్తగా కల్పించిన పేరులో 1 కనిపిస్తే అది i అనుకోవాలో l అనుకోవాలో చెప్పే ఆధారమే ఉండదు.

మన ఉదాహరణలో మార్పులు నాలుగు. ప్రతి చోటా అక్షరమో అంకెయో ఉండవచ్చు కాబట్టి ఆ పేరును 16 రకాలుగా రాయవచ్చు. గుర్తున్న మనిషి వాటిలో ఏది ప్రయత్నించాలి? తొందరలో sh4d0wrid3r అని కొడితే, అది వేరే వ్యక్తి ఖాతా కావచ్చు. మోసగాళ్లకు కావలసిందీ ఇదే.

ఇక వెతుకులాట సంగతి. యంత్రానికి 0, o రెండూ సంబంధం లేని రెండు గుర్తులు. shad అని కొట్టడం మొదలుపెడితే మూడో అక్షరం దగ్గరే మన పేరు సూచనల జాబితా నుంచి తప్పుకుంటుంది. తప్పులను మన్నించే వెతుకులాటలూ ఉన్నాయి, కానీ వాటి మన్ననకు హద్దు ఉంది. విరివిగా వాడే ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యం గరిష్ఠంగా రెండు మార్పులనే ఒప్పుకుంటుంది. మనవి నాలుగు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మరో పద్ధతి ఉంది. పేరును మూడేసి గుర్తుల ముక్కలుగా కోసి, రెండు పేర్లలో ఎన్ని ముక్కలు కలుస్తున్నాయో చూస్తుంది. ముందూ వెనకా కలిపే ఖాళీలతో సహా shadowrider లో 12 ముక్కలు, అంకెల రూపంలోనూ 12. రెండింటిలోనూ ఉన్నవి మొదటి రెండు మాత్రమే. మొత్తం 22 వేర్వేరు ముక్కల్లో 2 అంటే పోలిక దాదాపు 0.09. మామూలుగా పెట్టే హద్దు 0.3, అంతకు తగ్గిన పేరు ఫలితాల్లోకి రాదు. ఒక్క అంకె మూడు ముక్కలను పాడు చేస్తుంది. అంకెలు ఇలా పేరంతా చెదిరి ఉంటే మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

వెతికే యంత్రమే అంకెలను అక్షరాలుగా మార్చుకోవచ్చు కదా అంటారా? కొన్ని చోట్ల చేస్తారు. అయితే room101 లోని అంకెలు నిజమైన అంకెలే. వాటిని మారిస్తే roomioi అవుతుంది. ఒకరి పేరు బాగు చేయబోయి ఇంకొకరి పేరు చెడగొట్టినట్టే.

కోరుకున్న పేరు ముందే ఎవరో తీసుకున్నందువల్లే చాలామంది అంకెల దారి పడతారు. ఆ బాధ నాకు తెలుసు. అలాంటప్పుడు పేరును కదపకుండా చివర ఒక మాట చేర్చండి. shadowriderbooks అనుకోండి. ఇందాకటి లెక్కలోనే 18లో 11 ముక్కలు కలుస్తాయి, పోలిక 0.61. ఫోనులో చెప్పినా ఎదుటివారు తప్పు లేకుండా రాసుకోగలరు. ఇప్పటికే అంకెల హ్యాండిల్‌తో పదిమందికీ తెలిసి, మార్చుకోలేని వారు, పక్కన కనిపించే ప్రదర్శన పేరులోనైనా అసలు అక్షరాలు రాసి పెట్టండి. చాలా వేదికల్లో వెతుకులాట ఆ గడిని కూడా చూస్తుంది.