ఆ లాభం స్క్రీన్‌షాట్ ఏ రోజుది?

శ్రోతలకు నమస్కారం.

డబ్బు ఎక్కడ పెట్టాలో, ఏ షేరు కొనాలో యూట్యూబులోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ చెప్పేవాళ్లు ఇప్పుడు తెలుగులో చాలామందే ఉన్నారు. వాళ్లలో మేలు చేసేవాళ్లు లేకపోలేదు. టర్మ్ ఇన్సూరెన్స్ అంటే ఏమిటో, పీఎఫ్ డబ్బు ఎలా తీసుకోవాలో ఓపిగ్గా విడమరిచి చెప్పేవాళ్లంటే నాకు గౌరవమే. ఈ రోజు వాళ్లందరి గురించీ మాట్లాడను. ఒక్క రకం మాటే తీసుకుంటాను. "ఈ రోజు నాకు ఇంత లాభం వచ్చింది, నేను చెప్పినట్టు చేస్తే మీకూ వస్తుంది" అనే మాట.

ఆ మాట వెంట ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది. ట్రేడింగ్ యాప్ తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాల్లో లాభం అంకె. మా బంధువుల్లో ఒక కుర్రాడు ఆ మధ్య అలాంటిదే నాకు చూపించాడు. "బాబాయ్, ఒక్క రోజులో నలభై రెండు వేలు చూడు" అన్నాడు. "ఇది ఏ రోజుదిరా?" అని అడిగాను. వెతికాడు. తేదీ ఉండే పైభాగం కత్తిరించేసి ఉంది. "సరే, నెల మొత్తం మీద ఆయనకు ఎంత మిగిలింది?" అన్నాను. అది ఎక్కడా లేదు. ఈ రెండు ప్రశ్నలూ గుర్తుంచుకోండి. ఏ రోజుది? మొత్తం మీద ఎంత?

ఈ ప్రశ్నలు ఎందుకు అడగాలో చెప్పడానికి దేశమంతా చర్చ జరిగిన ఒక కేసు ఉంది. అది కాస్త వివరంగా చెబుతాను.

మొహమ్మద్ నసీరుద్దీన్ అన్సారీ అనే ఆయన 'బాప్ ఆఫ్ చార్ట్' పేరుతో సోషల్ మీడియాలో షేర్ మార్కెట్ గురించి చెప్పేవారు. చూసేవాళ్లు లక్షల్లో ఉండేవారు. ఫలానా షేరు కొనండి, ఫలానాది అమ్మండి అని సలహాలు ఇచ్చేవారు. ట్రేడింగ్ నేర్పిస్తామంటూ కోర్సులు, వర్క్‌షాపులు అమ్మేవారు. మార్కెట్లో తనకు లాభాలు వస్తున్నాయని చూపించేవారు. అది చూసి జనం కోర్సులకు డబ్బు కట్టారు.

మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ. ఆ సంస్థ దీని మీద విచారణ చేసి, 2023 అక్టోబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మనలాంటివాళ్లం చూడలేనిది, సెబీ చూడగలిగేది ఒకటి ఉంది. ఆయన సొంత ట్రేడింగ్ ఖాతాల మొత్తం లెక్క. 2021 జనవరి నుంచి 2023 జూలై దాకా, అంటే రెండున్నరేళ్ల లావాదేవీలు తీసి చూశారు. లాభాలూ నష్టాలూ అన్నీ కలిపితే తేలింది ఏమిటి? దాదాపు 2 కోట్ల 89 లక్షల రూపాయల నష్టం. మళ్లీ చెబుతున్నాను, నష్టం. ట్రేడింగ్‌లో లాభాలు ఎలా చేయాలో నేర్పుతానన్న మనిషి ట్రేడింగ్‌లో పోగొట్టుకున్న డబ్బు అది. నష్టాలను పక్కన పెట్టి, లాభాలు మాత్రమే ఏరి జనానికి చూపించారని సెబీ చెప్పింది. మరి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? జనం దగ్గర నుంచి వచ్చింది. కోర్సులూ వర్క్‌షాపుల పేరుతో వసూలు చేసిన సుమారు 17 కోట్ల 20 లక్షల రూపాయలను వేరే ఖాతాలో జమ చేయాలని సెబీ ఆదేశించింది. చదువు చెప్పడం అనే పేరు పెట్టుకున్నా, ఇది రిజిస్ట్రేషన్ లేకుండా పెట్టుబడి సలహా ఇవ్వడమేనని ప్రాథమికంగా తేల్చింది.

ఈ కేసులో నన్ను బాగా కలవరపెట్టే విషయం ఒకటుంది. ఇలా మోసం చేయడానికి దొంగ స్క్రీన్‌షాట్ తయారు చేయాల్సిన పని కూడా లేదు. ఒక చిన్న లెక్క చెబుతాను, వినండి.

నెలలో మార్కెట్ నడిచేది సుమారు ఇరవై రోజులు అనుకుందాం. ఒకాయనకు అందులో 14 రోజులు లాభం వచ్చింది, రోజుకు 8 వేలు. మొత్తం లక్షా 12 వేలు. మిగిలిన 6 రోజులు నష్టం వచ్చింది, రోజుకు 25 వేలు. మొత్తం లక్షన్నర. నెలాఖరుకు 38 వేలు పోయాయి. బ్రోకరేజీ, పన్నులు కలిపితే ఇంకా ఎక్కువే. కానీ ఆయన దగ్గర 14 రోజుల లాభం స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. పద్నాలుగూ నిజమైనవే. వారానికి మూడు చొప్పున పెట్టినా నెలంతా సరిపోతాయి. చూసేవాళ్లకు ఆయనకు నష్టమే రాదేమో అనిపిస్తుంది.

లాభం చిన్నది, నష్టం పెద్దది అని నేను కావాలని లెక్క వేశాననుకోకండి. ఆప్షన్ అంటే ముందే అనుకున్న ధరకు కొనే, లేదా అమ్మే హక్కు. ఆ హక్కులు అమ్మే వ్యాపారం స్వభావమే అలాంటిది. చాలా రోజులు ప్రీమియం, అంటే ఆ హక్కుకు కొన్నవాళ్లు కట్టే డబ్బు, కొద్ది కొద్దిగా చేతికొస్తుంది. మార్కెట్ ఒక్కసారి అడ్డం తిరిగిన రోజున వారాల సంపాదన పోతుంది. దానికి తోడు మనిషికి ఒక అలవాటు ఉంది. లాభం కాస్త కనిపించగానే అమ్మేస్తాం. నష్టం వస్తే, తిరిగి పెరుగుతుందిలే అని పట్టుకుని కూర్చుంటాం. అందుకే ఎన్ని రోజులు గెలిచాడన్నది కాదు, మొత్తం మీద ఎంత మిగిలిందన్నది అడగాలి. ఏ రోజుది? మొత్తం మీద ఎంత?

టెలిగ్రామ్‌లో జరిగేది ఇంకొకటి ఉంది. పొద్దున్నే గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంది. మార్కెట్ సూచీ నిఫ్టీ ఈ అంకె దాటితే కాల్ కొనండి, ఆ అంకె కిందికి పోతే పుట్ కొనండి అని. ఈ రెండూ ఆప్షన్లే. కాల్ అంటే పెరుగుతుందని వేసే పందెం, పుట్ అంటే పడుతుందని వేసేది. రెండువైపులా చెప్పేశారు కదా, సాయంత్రానికి ఏదో ఒకటి నిజమవుతుంది. నిజమైన సగాన్ని తీసి, "పొద్దునే చెప్పాం, చూశారా" అని మళ్లీ పెడతారు. తప్పిన మెసేజ్‌ను తీసేయడం కూడా అక్కడ సులువే. అందుకే ఎవరినైనా అనుసరించాలని మనసు లాగితే, ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఒక నెలపాటు రూపాయి పెట్టకుండా, ఆయన చెప్పిన ప్రతి సలహా వచ్చిన సమయంతో సహా రాసుకోండి. కొనమన్న ధర, అమ్మమన్న ధర, చివరికి ఏమైందీ అన్నీ రాయండి. పెరిగితే ఇది, పడితే అది అన్నప్పుడు రెండూ రాయండి. నెలాఖరున కూడిక మీరే చేయండి. డబ్బు కట్టకముందు ఈ పని ఎంతమంది చేస్తారో తెలియదు గానీ, చేసినవాళ్లకు ఆ కూడికే సమాధానం చెబుతుంది.

ఒక ఆధారం కూడా చెప్పి ముందుకు వెళ్తాను. ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఫ్యూచర్స్‌లో, ఆప్షన్లలో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల లెక్కలను సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నూటికి 93 మందికి నష్టమే వచ్చింది. ఖర్చులతో కలిపి సగటున ఒక్కొక్కరికి 2 లక్షల దాకా పోయింది. అంత కష్టమైన చోట, రోజూ ఎవరైనా లాభమే చూపిస్తున్నారంటే మనం ఒక్క క్షణం ఆగాలి.

ఇప్పుడు మీరు చేయగల పని ఒకటి చెబుతాను. డబ్బు తీసుకుని ఫలానా షేరు కొనండి అని చెప్పాలంటే సెబీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. పెట్టుబడి సలహాదారు అయితే ఆయన నంబరు INA అనే మూడు అక్షరాలతో మొదలవుతుంది. షేర్ల మీద సిఫార్సులు చేసే రీసెర్చ్ ఎనలిస్ట్ అయితే INH. ఆ అక్షరాల తర్వాత తొమ్మిది అంకెలు ఉంటాయి. నంబరు అడగండి. "మేం సలహా ఇవ్వం, చదువు మాత్రమే చెబుతాం" అంటే, ఆ చదువులో ఈ రోజు ధరలు, ఈ రోజు షేర్లు వస్తున్నాయేమో చూడండి. చదువు చెప్పేవాళ్లు తాజా ధరలు వాడి సిఫార్సులు చేయకూడదని సెబీ 2025 జనవరిలోనే స్పష్టం చేసింది.

నంబరు ఇచ్చారు. అక్కడితో అయిపోలేదు. వేరేవాళ్ల నంబరు, వేరేవాళ్ల సర్టిఫికెట్ ఫొటో పెట్టుకుని తిరిగే మోసగాళ్లున్నారు. అందుకని వాళ్లు పంపిన లింకు నొక్కకండి. sebi.gov.in అని మీరే టైప్ చేసి వెళ్లండి. అందులో రికగ్నైజ్డ్ ఇంటర్మీడియరీస్ అనే జాబితా ఉంటుంది. అక్కడ ఆ నంబరు వెతికితే పేరు, చిరునామా, ఈమెయిలు కనిపిస్తాయి. మీతో మాట్లాడుతున్న మనిషి ఆ మనిషేనా అని, ఆ జాబితాలో ఉన్న ఈమెయిలుకే రాసి అడగండి. వాట్సాప్‌లో వచ్చిన నంబరును అడిగితే ఉపయోగం లేదు, జవాబిచ్చేది ఆ మోసగాడే. సెబీ రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన లాభం గ్యారంటీ అనుకోకండి. అసలు గ్యారంటీ అన్నవాళ్లు నిబంధన మీరినట్టే.

డబ్బు పంపేటప్పుడు ఇంకొక్కసారి చూసుకోండి. రిజిస్టర్ అయిన సంస్థలకు 2025 అక్టోబరు నుంచి ప్రత్యేక యూపీఐ ఐడీలు వచ్చాయి. వాటిలో @valid అని, దాని వెంటే బ్యాంకు పేరు ఉంటుంది. పంపే ముందు తెర మీద ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది. సలహా ఫీజును ఎవరో ఒక వ్యక్తి మామూలు యూపీఐకి పంపమంటే పంపకండి. బ్యాంకు ఖాతా నంబరు ఇస్తే, సెబీ చెక్ అనే సదుపాయంలో ఆ ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ వేసి చూడవచ్చు.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు కూడా ఈ మాటలు వింటూ ఉండవచ్చు. సిగ్గుపడి ఇంట్లో దాచకండి, ఆలస్యం అయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. చాట్లు తీసేయకండి, గ్రూపులోంచి బయటికి వచ్చే ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. యూపీఐ లావాదేవీ నంబరు రాసుకోండి. మోసం అని తెలిసిన వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి. రిజిస్టర్ అయిన సలహాదారు మీదే ఫిర్యాదు అయితే సెబీ వారి స్కోర్స్ వెబ్‌సైట్‌లో ఇవ్వాలి. కాగితం, కలం దగ్గర లేనివాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను. సైబర్ నేరాల నంబరు ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.

నమస్కారం.