రక్తం ఇచ్చిన తర్వాత ఒంట్లో జరిగేది
(పర్లాకిమిడిలో శిబిరం ముగిశాక దాతలతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇప్పుడే రక్తమిచ్చి కూర్చున్నవాళ్లు లేవకండి, కూర్చునే వినండి. మీలో చాలామంది బండి మీద కాశీనగరం వైపో, గుణుపూర్ వైపో వెళ్లాలి. అందుకని ముందు దారి సంగతి చెబుతాను.

సూది తీసేటప్పుడు బాగానే ఉన్న మనిషి, ఆ తర్వాత ఎప్పుడో బస్టాండులో నిలబడి ఉండగా కళ్లు తిరిగి పడిపోవచ్చు. నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది, ఎండకు చర్మం కిందున్న నాళాలు విచ్చుకుంటాయి. అసలే కాస్త తగ్గిన రక్తం అప్పుడు మెదడుకు సరిగా అందదు. ఇక్కడ పడిపోతే మేం పట్టుకుంటాం. బండి మీద ఉంటే ఎవరు పట్టుకుంటారు? అందుకే పావుగంట కూర్చుని, రెండు గ్లాసుల నీళ్లో ఉప్పు వేసిన మజ్జిగో తాగి, కొన్ని మురీలు తిని లేవండి. వీలైతే బండి ఇంకొకరికి ఇవ్వండి. ఆవులింతలు, చల్లటి చెమట, కడుపులో తిప్పడం మొదలైతే మొహమాటపడకుండా అక్కడే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టుకోండి.

కట్టు నాలుగైదు గంటలు ఉంచండి. ఆ చేత్తో ఇవాళ బిందెలు, బస్తాలు ఎత్తకండి. మళ్లీ రక్తం కారితే చెయ్యి పైకెత్తి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. వేళ్ల దాకా జివ్వుమని లాగుతున్నా, తిమ్మిరి తగ్గకపోయినా మాకు ఫోన్ చేయండి. రెండు మూడు రోజుల్లో జ్వరం వచ్చినా చేయండి, ఆ రక్తం ఇంకొకరికి ఎక్కించకుండా ఆపగలం.

ఇక పోయిన రక్తం ఎలా తిరిగొస్తుందో చూద్దాం. ఒక యాభై కిలోల చెల్లెలు 350 మిల్లీలీటర్లు ఇచ్చిందనుకోండి. అందులో సగానికి పైగా ప్లాస్మా, అంటే చాలావరకు నీరే. కొన్ని గంటల్లోనే కండరాల చుట్టూ ఉన్న నీరు రక్తనాళాల్లోకి చేరడం మొదలవుతుంది. మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఒకటి రెండు రోజుల్లో రక్తం పరిమాణం సరిపోతుంది. కానీ చేరింది నీరే, కణాలు కావు. అందుకే ఎల్లుండి పరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ ఇవాళ్టికంటే తక్కువ కనిపిస్తుంది. అది చూసి టెన్షన్ పడకండి.

కణాల పని మూత్రపిండాలతోనే మొదలవుతుంది. ప్రాణవాయువు తగ్గిందని గుర్తించగానే అవి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. అది ఎముక మజ్జకు చేరితే ఎర్రకణాల తయారీ పుంజుకుంటుంది. కొద్ది రోజుల్లో లేత కణాలు రక్తంలోకి వస్తాయి. ఒంట్లో ఇనుము ఉంటే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో లెక్క సరిపోతుంది.

ఆ ఇనుము దగ్గరే మన ఆడవాళ్లకు చిక్కు. చెల్లెలి హిమోగ్లోబిన్ వంద మిల్లీలీటర్లకు 12.5 గ్రాములు ఉందనుకుందాం, రక్తం తీసుకోవడానికి కనీసం అంత ఉండాలి. ఆమె ఇచ్చిన 350 మిల్లీలీటర్లలో సుమారు 44 గ్రాముల హిమోగ్లోబిన్ పోయింది. గ్రాముకు 3.4 మిల్లీగ్రాముల చొప్పున దాదాపు 150 మిల్లీగ్రాముల ఇనుము వెళ్లిపోయింది. తిండిలోంచి మన ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే, అందులోనూ చాలా భాగం నెలసరికి, రోజువారీ నష్టానికి సరిపోతుంది. పైన రోజుకు ఒక మిల్లీగ్రాము మిగిలినా, ఆ 150 పూడడానికి ఐదు నెలలు పడుతుంది. ఆడవాళ్లు మళ్లీ ఇవ్వడానికి 120 రోజులు ఆగాలన్నది నియమం. అంటే నియమం పాటించినా కొందరికి నిల్వ నిండదు. ఆ సంగతి వేలి చివర చేసే పరీక్షలో తెలియదు, ఎందుకంటే నిల్వ ఖాళీ అవుతున్నా హిమోగ్లోబిన్ చాలాకాలం నిలబడుతుంది.

ఎలా గుర్తుపట్టాలి? మెట్లెక్కితే ఆయాసం, ఎంత పడుకున్నా తీరని అలసట, పచ్చి బియ్యమో మట్టో తినాలనిపించడం. ఇవి ఉంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి.

మన చోడి అంబలి, ఉలవచారు మంచివే. కానీ వాటిలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది, నిమ్మకాయో ఉసిరికాయో తోడైతే మెరుగు. మాంసం, చేపలు, కాలేయంలోని ఇనుము తేలిగ్గా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంటైనా ఆగండి, టీ ఇనుమును పట్టనివ్వదు. తిండితోనే పూడదనిపిస్తే డాక్టర్‌ని అడిగి ఇనుము మాత్ర రెండు నెలలు వాడండి. విరేచనం నల్లగా అవుతుంది, అది మామూలే. తలసీమియా ఉన్న ఇంటివాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా మాత్ర మొదలుపెట్టవద్దు.

మూడు నెలలకే చుట్టాలెవరో ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి "వదినా, నీ గ్రూపే కావాలి" అంటారు. ఇంకా నాలుగు నెలలు కాలేదని చెప్పండి. మగవాళ్లు 90 రోజులకే ఇవ్వవచ్చు కాబట్టి, అదే గ్రూపున్న తమ్ముడో మరిదో ఉంటే వాళ్లను పంపించండి.